గోతిలో మూడు అంగుళాలు

మునిసిపల్ కుళాయి ధార సన్నబడి, ప్రహరీ గోడ పక్కన నేల ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉంటోందని గొయ్యి తవ్వించాను. మోకాలి లోతు దిగేసరికి ఒకదానికొకటి అతికించిన మూడు పైపు ముక్కలు బయటపడ్డాయి. రోడ్డు వైపు నుంచి వచ్చేది ఒకటి, మధ్యలో రెండు మూరల ముక్క ఒకటి, గోడ కింద నుంచి ఇంట్లోకి పోయేది ఒకటి. ఎన్నేళ్ళుగానో మట్టిలో నాని మూడూ ఒకే రంగులోకి వచ్చేశాయి. అతుకుల దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, పైన బైండింగు వైరు బిగించి ఉంది. ఆ పని ఎవరు చేశారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

ప్లంబరు కుర్రాడు గోతిలోకి తొంగి చూశాడు. "అన్నీ అంగుళం పైపులే సార్. రెండు కప్లింగులు తెస్తే అరగంటలో అయిపోద్ది" అన్నాడు. కొట్టుకెళ్ళి అంగుళం పీవీసీ కప్లింగులు రెండు తెచ్చాడు. రోడ్డు వైపు పైపుకి కప్లింగు ఎక్కనే లేదు. మిగతా రెండు ముక్కలకీ మాత్రం కొలిచి కోసినట్టు పట్టింది. సంతోషించి సొల్యూషన్ పూసి బిగించాడు. మర్నాడు దాన్ని పరీక్షిద్దామని నీళ్ళు వదిలితే, ఇంటి వైపు అతుకు చెక్కుచెదరలేదు కానీ మధ్య ముక్క కప్లింగులోంచి నున్నగా జారి బయటకొచ్చేసింది. సొల్యూషన్ దాని మీద ఎండిన గంజి పొరలా ఊడింది.

కొలత కుదిరినంత మాత్రాన జాతి కుదిరినట్టు కాదన్నమాట. జాతి కుదరనిచోట కొలత కూడా అబద్ధం చెబుతుంది. అసలు గోతిలో ఉన్నవి ఏవేవో తేల్చుకుందామని ఇంట్లోంచి పూలు కట్టే దారం, బడి స్కేలు, ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చుకుని గట్టు మీద కూర్చున్నాను.

ముందు దారం. పైపు చుట్టూ ఒక్క చుట్టు బిగుతుగా తిప్పి, కలిసిన చోట గోటితో పట్టుకుని, స్కేలు మీద పరిస్తే చుట్టుకొలత వస్తుంది. దాన్ని 3.14తో భాగిస్తే బయటి వ్యాసం. రోడ్డు వైపు పైపుకి దారం 10.6 సెంటీమీటర్లు వచ్చింది. మధ్య ముక్కకి సరిగ్గా 10. ఇంటి వైపు పైపుకీ 10. పనిలో పనిగా స్నానాలగది గోడ మీద కనబడుతున్న మీగడరంగు పైపుకి కూడా చుట్టి చూశాను. దాన్నీ అంగుళం పైపనే కొన్నాం. దారం 9 సెంటీమీటర్లే వచ్చింది.

ఒకే పేరుతో మూడు కొలతలు ఎందుకున్నాయంటే, ఈ పైపుల పుట్టిళ్ళు వేరు. ఇనప పైపులకి అంగుళం పేరు వచ్చిన రోజుల్లో అది లోపలి రంధ్రానికి కొలత. గోడలు మందంగా ఉండేవి కాబట్టి బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లదాకా వచ్చింది. తర్వాత ఉక్కు మెరుగై గోడ పలచబడినా, పాత మరలు కొత్త పైపుకి పట్టాలి కాబట్టి బయటి కొలత ముట్టుకోలేదు. ఇప్పుడు అంగుళం ఇనప పైపులో అంగుళం ఎక్కడా లేదు, లోపలా లేదు, బయటా లేదు. బూడిదరంగు పీవీసీ, నల్ల పాలిథిలిన్ పైపులు మెట్రిక్ కాలంలో పుట్టినవి. వాటికి బయటి వ్యాసమే పేరు. 32 మిల్లీమీటర్ల పైపు అంగుళానికి దగ్గరగా ఉంది కాబట్టి కొట్టువాడు దాన్నీ అంగుళం అనే అంటాడు. మీగడరంగు సీపీవీసీ పైపు రాగి గొట్టాల కొలతలు ఎరువు తెచ్చుకుంది. ఆ పద్ధతిలో పేరుకి అంగుళంలో ఎనిమిదో వంతు కలిపితే బయటి వ్యాసం. అంగుళానికి 28.6 మిల్లీమీటర్లు. తెల్లటి షెడ్యూల్ పైపులని ఒక రకం ప్లాస్టిక్ ఉంది, అది మాత్రం ఇనప పైపు కొలతలే పుచ్చుకుంది. దానికి దారం పదిన్నర వస్తుంది. కొలతలో ఇనుముకి కవల అయినా అయస్కాంతం అంటదు.

కాబట్టి రోడ్డు వైపుది ఇనుమో, షెడ్యూల్ పైపో అయ్యుండాలి. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. హ్యాక్సా బ్లేడుతో పైన రెండు గీతలు గీస్తే తుప్పు కింద నుంచి మెరుపులేని వెండిరంగు బయటపడింది. అది జింకు పూత. గాల్వనైజ్డ్ ఐరన్ అనే పేరుని మనవాళ్ళు జీఐ అని కుదించేశారు గానీ, అసలు అది ఇనుము కూడా కాదు, కరిగిన జింకులో ముంచి తీసిన ఉక్కు. కొత్త పైపు మీద ఆ జింకు మంచు బిళ్ళల్లా మరకలు మరకలుగా పేరుకుని కనిపిస్తుంది. వెండిరంగు పెయింటు కొట్టిన మామూలు ఉక్కు పైపుకి ఆ బిళ్ళలుండవు, గోటితో గీరితే పెయింటు పొరలా లేస్తుంది. లోపలికి వేలు పెట్టి చూస్తే ఇంకా తేలిక. జింకు తొట్టిలో మునిగిన పైపుకి లోపలా పూత ఉంటుంది, పెయింటు కొట్టినవాడు లోపలికి పోడు.

కొత్త జీఐ పైపు మీద రంగు పట్టీలుంటాయి. పసుపు పట్టీ ఉంటే పలచటిది, నీలం ఉంటే మధ్యరకం, ఎరుపు ఉంటే మందంది. కొట్లో వాటిని ఏ క్లాసు, బీ క్లాసు, సీ క్లాసు అంటారు. అంగుళం పైపులో ఆ మూడింటి గోడ మందం 2.6, 3.2, 4 మిల్లీమీటర్లు. మా గోతిలోదానికి పట్టీ ఎప్పుడో చెరిగిపోయింది. చివర కోసి, తుప్పు గీకి, స్కేలు పెట్టి చూస్తే మూడు మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువుంది. బీ క్లాసు.

ఇక్కడ ఆగి ఒక లెక్క చూడటం మంచిది, ఎందుకంటే పైపు గోడ మందం దాని పుట్టుక అంతా చెప్పేస్తుంది. నీటి పీడనం పైపుని నిలువునా చీల్చాలని చూస్తుంది. దాన్ని ఆపేది గోడ. వ్యాసం రెట్టింపైతే మందం రెట్టింపు కావాలి, పీడనం రెట్టింపైనా అంతే, పదార్థం బలం రెట్టింపైతే మాత్రం సగం మందం చాలు. ఇప్పుడు పది కేజీల పీడనం అనుకుందాం. కేజీ అంటే ఇక్కడ బరువు కాదు, చదరపు సెంటీమీటరు మీద పడే నెట్టుడు. పది మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటే కింద కుళాయి దగ్గర ఒక కేజీ వస్తుంది. పది కేజీలంటే వంద మీటర్ల నీటి నిలువు. దాన్ని మోయడానికి 32 మిల్లీమీటర్ల పీవీసీ పైపుకి 1.8 మిల్లీమీటర్ల గోడ చాలు. అదే కొలత పాలిథిలిన్ పైపుకి, అది మెత్తన కాబట్టి, మధ్యరకం పదార్థమైన పీఈ 80లో దాదాపు 3 మిల్లీమీటర్లు కావాలి. మరి ఉక్కుకి? లెక్క కడితే మిల్లీమీటరులో ఐదో వంతు కూడా అక్కర్లేదు. పోస్టుకార్డు మందం గొట్టం ఆ నీళ్ళని మోసేస్తుంది.

మరి జీఐ పైపుకి మూడు మిల్లీమీటర్ల గోడ ఎందుకు? నీళ్ళ కోసం కాదు, మర కోసం, తుప్పు కోసం. అంగుళం పైపు చివర డై పెట్టి త్రెడ్డింగు కోస్తే మర లోతు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పోతుంది. బీ క్లాసులో సగానికి కాస్త ఎక్కువ మిగులుతుంది, ఏ క్లాసులో మిగిలేది ఒక మిల్లీమీటరే. పైగా మర కోసిన చోట జింకు పూత కూడా కోతలో పోతుంది. బట్ట కట్టని ఉక్కు, సగం మందం, ఎప్పుడూ తడి. అందుకే జీఐ పైపు నడుమ ఎంత గట్టిగా ఉన్నా కప్లింగు మెడ దగ్గర ముందు పోతుంది. మా రోడ్డు వైపు ముక్క చివరా సరిగ్గా అక్కడే, ఆఖరి మర పక్కన సూది బెజ్జం. చెమ్మకి అసలు కారణం అది. ధార సన్నబడటానికి కారణం లోపల ఉంది. కోసిన ముక్కని వెలుతురుకి పట్టుకుంటే, 27 మిల్లీమీటర్ల రంధ్రం ఉండాల్సిన చోట తుప్పు బొడిపెలు పేరుకుని బొటనవేలు కూడా దూరనంత సందు మిగిలింది. బయటి నుంచి చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు.

సరే, మిగతా రెండూ ప్లాస్టిక్కే. రెంటికీ దారం 10 సెంటీమీటర్లే. కడిగితే ఒకటి నలుపు, ఒకటి బూడిద. ప్లంబరు కుర్రాడు నల్లది చూసి "ఇది కూడా పీవీసీయే సార్, పాతది నల్లబడింది" అన్నాడు. ఆ మాటే అతని ఒక పూట పని పాడు చేసింది.

నల్లదాని చివర గోటితో నొక్కితే కాస్త నొక్కు పడింది. మైనంలాంటి జారుడు. చాకుతో గీరితే రిబ్బనులా చుట్ట తిరుగుతూ వచ్చింది. బూడిదదాన్ని గీరితే పొడి, చిన్న పెచ్చులు. రెండు పెచ్చులూ గ్లాసు నీళ్ళలో వేశాను. ఎండు పెచ్చు నీటి పొర మీద నిలబడి మోసం చేస్తుంది కాబట్టి ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు కలిపి వేలితో ముంచాలి. నల్లది మళ్ళీ పైకి తేలింది, బూడిదది అడుక్కి పోయింది. పాలిథిలిన్ నీళ్ళకన్నా తేలిక, పీవీసీ బరువు నీళ్ళకి ఒకటిన్నర రెట్లకన్నా కొంచెం తక్కువ. ఈ పరీక్షలో తికమక లేదు. ఇంకా అనుమానముంటే ఆరుబయట, గాలికి పక్కన నిలబడి, పెచ్చుని పట్టకారుతో మంటలో పెట్టొచ్చు. పాలిథిలిన్ కొవ్వొత్తిలా కాలుతుంది, చుక్కలు కారుతుంది, ఆర్పిన కొవ్వొత్తి వాసనే వేస్తుంది. పీవీసీ మంట తీయగానే ఆరిపోతుంది, ముక్కుని కుట్టే పొగ వదులుతుంది. ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, కాబట్టి గోరంత పెచ్చు మించకూడదు, ముక్కు దగ్గర పెట్టుకోకూడదు. నీళ్ళ గ్లాసు ఉండగా ఈ పరీక్ష అవసరం నాకెప్పుడూ పడలేదు.

సొల్యూషన్ ఎందుకు ఊడిందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. కొట్లో అమ్మే ఆ డబ్బాలోది జిగురు కాదు, ద్రావకం. అది పీవీసీ పైపు పై పొరని, కప్లింగు లోపలి పొరని కరిగించి ఒకదాన్లో ఒకటి కలిపేస్తుంది. ఆరిపోయాక రెండు ముక్కలుండవు, ఒకే ముక్క. పాలిథిలిన్‌ని మామూలు వేడిలో కరిగించే ద్రావకం లేదు. అందుకే దాన్ని వేడి పలకతో కరిగించి అతకాలి, లేదా గొంతు బిగించే కంప్రెషన్ ఫిట్టింగు వాడాలి.

నల్ల పైపుని కడిగి చూస్తే ఒక పక్కన సన్నటి నీలం గీత కనబడింది. తాగునీటి హెచ్‌డీపీఈ పైపుకి అది గుర్తు. ఆ నలుపు అందానికి వేసింది కాదు. వందకి రెండున్నర పాళ్ళు కార్బన్ నలుసు కలుపుతారు, ఎండలోని అతినీల కిరణాలు పాలిథిలిన్‌ని పెళుసు చేయకుండా. గీతలేని నల్ల గొట్టం, వేలితో నొక్కితే అణిగేది, తోటల్లో డ్రిప్పు లైను కావచ్చు. తాగునీటికి దాన్ని కలపకూడదు. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఇంటి కనెక్షన్‌కి నిండు నీలం పాలిథిలిన్ గొట్టం చుట్టలుగా తెచ్చి వేస్తున్నారు. ఇక పసుపు పచ్చ, నారింజ పాలిథిలిన్ కనబడితే గునపం పక్కన పెట్టేయాలి. అది వంటగ్యాసు పైపు కావచ్చు, కేబుల్ గొట్టమూ కావచ్చు, కోసి చూసి తేల్చుకునే విషయం కాదు.

రంగుని నమ్మడంలో చిక్కేమిటో నీలం ఒక్కటే చూపిస్తుంది. జీఐ మీద నీలం పట్టీ అంటే మధ్యరకం. నల్ల పైపు మీద నీలం గీత అంటే తాగునీరు. పైపంతా నీలమై, గట్టిగా, గోరు దిగకుండా ఉంటే బోరుబావిలో దించే పీవీసీ కేసింగు. బూడిద పీవీసీ మీద నీలం అక్షరాలంటే నాలుగు కేజీల పైపు. రంగు భాషలో ముందు పైపు జాతి తెలియాలి, తర్వాతే రంగుకి అర్థం.

బూడిద పీవీసీ దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే మన ఊళ్ళలో మోసపోయేది ఎక్కువగా దీనితోనే. పొలాల్లో "నాలుగు కేజీల పైపా, ఆరు కేజీలదా" అని అడుగుతారు. అది పైపు బరువని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా బాబాయి ఒకాయన అలాగే నమ్మాడు. కాలవ గట్టు నుంచి మెరక పొలానికి నీళ్ళు ఎక్కించడానికి, ఎక్కడో కట్టడం పనిలో మిగిలిన 110 మిల్లీమీటర్ల బూడిద పైపులు చవగ్గా దొరికాయని లారీలో వేయించుకొచ్చాడు. మెరక 25 మీటర్లుంటుంది. మోటారు పెట్టిన మూడో రోజు కాలవ దగ్గరి పైపు బారునా చీలింది. "ఆరు కేజీలదేరా, చేత్తో పట్టుకుంటే తెలియదా, ఎంత బరువుందో" అని ఆయన వాదన.

పైపు మీద అచ్చు ఎండకి, ఈడ్చుకురావడంలో రాపిడికి పోయింది. చీలిన ముక్క చివర కొలిచాం. దారం చుట్టు 34 సెంటీమీటర్ల ఆరు మిల్లీమీటర్లు, అంటే వ్యాసం 110. గోడ మందాన్ని ఈసారి మెకానిక్ షాపు నుంచి వెర్నియర్ తెచ్చి నాలుగు చోట్ల చూశాం. అన్ని చోట్లా 3.2, అటూ ఇటూ వెంట్రుక తేడా.

ఇప్పుడు చూడండి. నీళ్ళ పీవీసీ పైపుల ప్రమాణం ఐఎస్ 4985. అందులో 110 మిల్లీమీటర్ల పైపుకి నాలుగు కేజీలైతే కనీసం 2.5 మిల్లీమీటర్ల గోడ, ఆరు కేజీలైతే కనీసం 3.7. తయారీలో గోడ ఆ అంకె కన్నా కాస్త ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండటానికి వీల్లేదు. 3.2 అనేది ఆరు కేజీలకి చాలదు, నాలుగు కేజీలకి మరీ ఎక్కువ. లెక్క కడితే ఐదు కేజీలకి సరిపోయే మందం, కానీ ఐదు కేజీల క్లాసే ఆ ప్రమాణంలో లేదు. రెండు మెట్ల మధ్య ఎవరో నిలబడి ఉన్నారంటే, ఆ మనిషి ఈ మెట్లకి చెందినవాడు కాదు. 110కి సరిగ్గా 3.2 మందం ఎక్కడుందంటే ఐఎస్ 13592లో. మరుగుదొడ్డి, వంటింటి మురుగు కిందికి జారిపోయే పైపులవి, ఎస్‌డబ్ల్యూఆర్ టైప్ బి. వానచూరు నీళ్ళ కోసం టైప్ ఎ అని ఇంకా పలచటిది, 2.2. మురుగు తనంతట తాను జారుతుంది, పైపులో పీడనం ఉండదు. కాబట్టి ఆ పైపుకి లోపలి పీడనం ఇన్ని కేజీలని ఎవరూ హామీ ఇవ్వరు. రంగు అదే బూడిద, వ్యాసం అదే 110, కళ్ళకి తేడా అర మిల్లీమీటరు. మా బాబాయి కొన్నది మేడ మీది మరుగుదొడ్ల పైపు.

25 మీటర్ల మెరకకి రెండున్నర కేజీలే కదా, అర మిల్లీమీటరు తక్కువైతే ఏమైందని ఆయన అడగొచ్చు, అడిగాడు కూడా. కరెంటు పోగానే మెరక మీదికి ఎక్కుతున్న నీటి కంబం వెనక్కి వచ్చి మోటారు దగ్గరి వాల్వుని గుద్దుతుంది. ఆ క్షణంలో పీడనం మామూలుకన్నా చాలా రెట్లు పోతుంది. దానికితోడు పైపు మీద రాసే కేజీలు 27 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. వేడెక్కే కొద్దీ పీవీసీ మెత్తబడుతుంది. 43 డిగ్రీల దగ్గర దాని బలంలో పదింట ఆరు పాళ్ళు కూడా మిగలవు. రెంటచింతల ఎండలో నేల మీద పరిచిన పైపు అంతకన్నా వేడెక్కుతుంది. ఆరు కేజీల పైపు అక్కడ మధ్యాహ్నం మూడు, మూడున్నర కేజీల పైపే.

బరువు మాట కూడా తేల్చాలి. బరువుగా ఉన్న పీవీసీ మంచిదనేది తిరగేసిన నమ్మకం. పీవీసీలో సుద్దపొడి కలుపుతారు. కొంచెం కలిపితే తప్పు లేదు. ధర తగ్గించడానికి ఎక్కువ కలిపితే పైపు బరువెక్కుతుంది, పెళుసెక్కుతుంది. కోసేటప్పుడు చాక్‌పీసు పొడిలాంటిది రాలి, అంచు పెంకులా విరిగితే అది ఎంత బరువున్నా వదిలేయడమే మేలు.

అచ్చు ఉంటే ఇంత గూఢచారి పని అక్కర్లేదు. పీవీసీ పైపు వెంట మూడు మీటర్లకి మించని దూరంలో ఆ అచ్చు వరుస మళ్ళీ మళ్ళీ రావాలి. అందులో నేను మూడింటినే వెతుకుతాను. మొదటిది ఐఎస్ అంకె, ఎందుకంటే పైపు దేనికి పుట్టిందో అదే చెబుతుంది. 4985 అయితే నీళ్ళు, 13592 అయితే మురుగు, 12818 అయితే బోరు కేసింగు, 15778 అయితే వేడినీళ్ళ సీపీవీసీ, 4984 అయితే పాలిథిలిన్. 4984కీ 4985కీ మధ్య ఒక్క అంకె తేడాతో రెండు జాతులు, తొందరలో చదవకూడదు. రెండోది పీడనం. పీవీసీ మీద క్లాసు, పక్కన మెగాపాస్కల్‌లో ఉంటుంది, 0.6 అంటే మన ఆరు కేజీలు. పాలిథిలిన్ మీద పిఎన్ 6, పిఎన్ 10 అని ఉంటుంది. ఇవి ఇంచుమించు కేజీలే. దాని పక్కనే పీఈ 63, 80, 100 అనే అంకె పీడనం కాదు, పదార్థం రకం. పీఈ 100 చూసి వంద కేజీలనుకున్న కాంట్రాక్టరుని చూశాను. సీపీవీసీ మీద ఎస్‌డిఆర్ 11, 13.5 అని ఉంటుంది. అది వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చే అంకె, కాబట్టి చిన్నదైతే గోడ మందం. మా స్నానాలగది పైపు 28.6ని 11తో భాగిస్తే 2.6 రావాలి, వచ్చింది.

మూడోది ఐఎస్ఐ గుర్తు. ఒట్టి గుర్తు చాలదు, దాన్ని ఎవరైనా అచ్చు కొట్టుకోవచ్చు. గుర్తు పైన ఐఎస్ అంకె, కింద సిఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు అంకె ఉండాలి. ఆ అంకెని బీఐఎస్ వాళ్ళ BIS Care యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిది, ఏ వస్తువుకి, ఇంకా బతికే ఉందా అనేవి వస్తాయి. మురుగు పైపుకి తీసుకున్న లైసెన్సు నీళ్ళ పైపు మీద కనబడితే అక్కడే దొరుకుతుంది. కొట్లో "ఐఎస్ఐ క్వాలిటీ", "ఆరు కేజీల రకం" లాంటి మాటలు అచ్చు వేసిన పైపులు చూపిస్తారు. క్వాలిటీ అనే మాట ఏ ప్రమాణంలోనూ లేదు.

మా గోతి దగ్గరికి వస్తే, బూడిద ముక్క మీద మట్టిని తడిగుడ్డతో తుడిచి, టార్చి వెలుతురు పక్కవాటుగా వేస్తే పసుపు అక్షరాల మరక కనబడింది. పీవీసీ మీద పసుపు పది కేజీలకి గుర్తు. గోడ కొలిస్తే 1.8 పైచిలుకు. రంగూ మందమూ ఒకే మాట చెప్పాయి కాబట్టి ఆ ముక్కని కదపలేదు. నల్ల ముక్క గోడ మూడు మిల్లీమీటర్లుంది, నీలం గీత ఉంది, అదీ మంచిదే. పోవాల్సింది జీఐ చివర ఒక్కటే.

కుర్రాడు ఈసారి కొట్లో కప్లింగు అడగలేదు. 32 కంప్రెషన్ ఫిట్టింగులు రెండు తెచ్చాడు, ఒక పక్క గొంతు నల్ల పైపుని పట్టుకునేది, మరో పక్క అంగుళం బయటి మర ఉన్నది. జీఐ వైపు తుప్పు పట్టిన చివర మూరెడు కోసేసి, కొత్తగా మర కోసి, ఇనప కప్లింగు బిగించి, అందులోకి ప్లాస్టిక్ మర దించాడు. ఇనప మరని ప్లాస్టిక్ గొంతులోకి బిగిస్తే గొంతు పగులుతుంది, అందుకని ప్లాస్టిక్కే లోపలికి పోవాలని అతనికి తెలుసు, అది నేను చెప్పలేదు. బూడిద వైపు పాత కప్లింగు కోసి పారేసి, సొల్యూషన్‌తో లోపలి మర ఉన్న పీవీసీ ముక్క అతికించి, రెండో ఫిట్టింగుని అందులోకి తిప్పాడు. టెఫ్లాన్ టేపు ఐదారు చుట్లు. మర్నాడు తెల్లవారి నీళ్ళు వచ్చినప్పుడు అతుకుల మీద పాత న్యూస్‌పేపరు ముక్కలు చుట్టి గంటసేపు చూశాం. ఒక్క మరక పడలేదు. ధార మాత్రం సగమే పెరిగింది. రోడ్డు దాకా ఉన్న మిగతా జీఐలో తుప్పు అలాగే ఉంది, అది మునిసిపాలిటీ అనుమతితో తవ్వాల్సిన ముక్క.

గొయ్యి పూడుస్తుంటే కుర్రాడు నా దారం తీసుకుని స్కేలు పక్కన పరిచాడు. ఒక కొస నుంచి తొమ్మిది దగ్గర ఒక ముడి, పది దగ్గర ఒకటి, పది పాయింటు ఆరు దగ్గర ఒకటి వేశాడు.

"ముప్పావుకి ఎంత సార్?"

"సీపీవీసీ ఏడు. మెట్రిక్ ఏడు పాయింటు తొమ్మిది. జీఐ ఎనిమిదిన్నర."

ఇంకో మూడు ముళ్ళు వేసి, దారాన్ని టెఫ్లాన్ టేపు చుట్టకి చుట్టి సంచిలో పడేసుకున్నాడు.